ఇద్దరు పిల్లల నిబంధన: రెండు వైపులా వాదించండి (డిగ్రీ రెండో సంవత్సరం, పొలిటికల్ సైన్స్, 50 మార్కులు, రెండు గంటలు)

ముందు మార్కుల సంగతి. ప్రతి ప్రతిపాదనకీ అనుకూలంగా ఒక వాదన, వ్యతిరేకంగా ఒక వాదన రాయాలి. రెండింటికీ విడివిడిగా మార్కులు వేసి, తక్కువ వచ్చినదాన్ని రెట్టింపు చేస్తాను. ఒకవైపు 9, రెండోవైపు 3 వస్తే మీకు దక్కేది 6. మీకు నచ్చని పక్షానికి నాలుగు ముక్కలు రాసి వదిలేస్తే నష్టపోయేది మీరే. ఆ పక్షాన్ని నిజంగా నమ్మేవాళ్లు చదివి 'అవును, మేం చెప్పేది ఇదే' అనాలి.

అందరికీ తెలిసి ఉండాల్సిన విషయాలు నేనే ఇస్తున్నాను, బట్టీ పట్టక్కర్లేదు. 1994 పంచాయతీరాజ్ చట్టం ఇద్దరికి మించి పిల్లలున్నవారిని స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులను చేసింది. ఎమ్మెల్యే, ఎంపీ పదవులకు ఈ నిబంధన ఎప్పుడూ లేదు. హర్యానాలోని ఇలాంటి నిబంధన చెల్లుతుందని 2003లో జావేద్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2024 నవంబరులో ఈ నిబంధనను తీసేసింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సగటున ఒక స్త్రీకి పుట్టే పిల్లలు 1.7. జనాభా తగ్గకుండా నిలబడాలంటే సుమారు 2.1 కావాలి.

ప్రతిపాదన 1 (20 మార్కులు): స్థానిక ఎన్నికల్లో ఇద్దరు పిల్లల నిబంధనను ఆంధ్రప్రదేశ్ ఎత్తేయడం సరైన నిర్ణయం.

అనుకూలంగా రాసేవాళ్లు జావేద్ తీర్పును దాటేసి పోకూడదు. కోర్టు 'చెల్లుతుంది' అన్నది, 'ఉండి తీరాలి' అనలేదు. ఆ తేడా పట్టుకుంటే వాదన నిలబడుతుంది. వ్యతిరేకంగా రాసేవాళ్లు 1.7 అన్న అంకెకు జవాబు చెప్పాలి.

ప్రతిపాదన 2 (20 మార్కులు): ఈ నిబంధన భారం మగవాళ్లకన్నా ఆడవాళ్ల మీదే ఎక్కువ పడింది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రశ్న ఇదే, తొందరపడకండి. కొడుకు కోసం మూడో కాన్పు కావాలని అత్తింటివాళ్లు పట్టుబట్టిన ఇంట్లో కోడలికి మహిళా రిజర్వేషన్ సీటు వచ్చిందనుకోండి. మూడో బిడ్డ పుడితే పోటీకి వీల్లేకుండా పోయేది, ఆ నిర్ణయం తనది కాకపోయినా, ఆమెకే. ఇంకో ఇంట్లో అదే నిబంధన చూపించి 'ఇక చాలు' అనగలిగే ధైర్యం కోడలికి వచ్చి ఉండొచ్చు. రెండు ఇళ్లూ మన ఊళ్లలో ఉండేవే, మీ జవాబులో రెండూ కనిపించాలి.

ప్రతిపాదన 3 (10 మార్కులు): ఎక్కువమందిని కన్నందుకు అనర్హత వేయడం తప్పయితే, ఎక్కువమందిని కనమని ప్రోత్సాహకాలు ఇవ్వడమూ తప్పే.

చిన్నగా రాయండి, కానీ హక్కు తీసేయడం, డబ్బు ఇవ్వడం ఒకటేనా కాదా అన్నది తేల్చకుండా ముగించకండి.

ఎలా దిద్దుతానో మొదటి ప్రతిపాదన మీద నేను రాసుకున్న రెండు నమూనాలతో చెబుతాను. రెండూ వ్యతిరేక పక్షానివే.

'ఈ నిబంధన వల్లే జనాభా పెరుగుదల తగ్గింది, కాబట్టి తీసేయడం తప్పు.' దీనికి 10కి 2. ఇలాంటి నిబంధన లేని కేరళ, తమిళనాడులోనూ పిల్లల సంఖ్య తగ్గింది కదా, ఆ ప్రశ్న విద్యార్థికి తట్టలేదు. పైగా పంచాయతీకి పోటీ చేసేవాళ్లు ఊళ్లో ఎంతమంది?

'జననాలు తగ్గడానికి ఈ నిబంధనే కారణమని నేను అనను. చదువు, ఆరోగ్యం, పెళ్లి వయసు పెరగడం పెద్ద కారణాలు. కానీ పదవి కోరేవాళ్లు ప్రభుత్వం ప్రజలకు చెప్పే మాటను ముందు తాము పాటించాలన్న సూత్రం జనాభా లెక్కలు మారినంత మాత్రాన చెల్లకుండా పోదు.' దీనికి 8. ఎదుటివాళ్ల బలమైన మాటను ఒప్పుకుని, అది తన వాదనను ఎందుకు కూల్చదో చెప్పాడు. మిగిలిన రెండు ఎందుకు పోయాయంటే, ఆ సూత్రం ఎమ్మెల్యేలకు ఎందుకు లేదన్న ప్రశ్న వదిలేశాడు.

భాష బాగున్నంత మాత్రాన మార్కులు పడవు, అక్షరదోషాలకు కోయను. మీకు తెలియని అంకెలు కల్పించి రాస్తే మాత్రం ఆ వాదన మొత్తానికి సున్నా. ఏ పార్టీ నిబంధన తెచ్చింది, ఏ పార్టీ తీసేసింది అన్న గొడవ వద్దు, అది ఎవరి వాదనకూ బలం ఇవ్వదు.

ఏ పక్షం మీ సొంత అభిప్రాయమో పేపర్ మీద ఎక్కడా రాయకండి. దిద్దేటప్పుడు అది నాకు తెలియకూడదు.