విషయం: వర్షపునీటి కాలువ కథనం ఉపసంహరణకు నిరాకరణ

విశాఖపట్నం

మంత్రిగారి ప్రత్యేకాధికారి గారికి,
నమస్కారం.

జ్ఞానాపురం వర్షపునీటి కాలువపై మేం వేసిన కథనాన్ని వెనక్కి తీసుకోవాలన్న మీ లేఖ అందింది. తీసుకోం.

బిల్లు చెల్లించింది 640 మీటర్లకు. ఆ పని కొలతలు నమోదు చేసిన ఎం-బుక్ నకలు సమాచార హక్కు చట్టం కింద, అధికారి సంతకం, ముద్రతోనే మాకు వచ్చింది. మా విలేకరి టేపు పట్టి రెండుసార్లు కొలిచారు. రెండోసారి విశ్రాంత ఇంజినీరు ఒకరు పక్కనే ఉన్నారు. రెండుసార్లూ 410 మీటర్లే తేలింది. ఆపైన కాంక్రీటు లేదు, మట్టిలోంచి పైకి లేచిన తుప్పు ఊచలే.

ప్రచురణకు మూడు రోజుల ముందే మీకు ఐదు ప్రశ్నలు పంపాం. జవాబు రాలేదు, ఆ మాటా రాశాం. మీ లేఖలో ‘దురుద్దేశం’ నాలుగుసార్లు ఉంది, ఫలానా అంకె తప్పని ఒక్కచోటా లేదు. మంత్రిగారు డబ్బు తీసుకున్నారని మేం రాయనే లేదు. రాయనిదాన్ని ఎలా ఉపసంహరించుకోవాలి?

తప్పున్న వాక్యం, దానికి ఆధారం చూపండి. రుజువైతే అదే పేజీలో సవరణ వేస్తాం. వివరణ 300 పదాల్లోపు పంపితే కత్తిరించకుండా వేస్తాం. ప్రెస్ కౌన్సిల్‌కు వెళ్లదలిస్తే, దినపత్రికపై ఫిర్యాదుకు గడువు ప్రచురణ నుంచి 2 నెలలు.

మా ప్రకటనల విభాగానికి ఫోన్లు చేయించడం మాత్రం ఆపండి. కథనాలకు బాధ్యుణ్ని నేను.

ఇట్లు,
సంపాదకుడు