మీ వేళ్ల వాపు, మీ అత్తగారి మోకాళ్ల నొప్పి ఒకటి కాదు

అమ్మా,

నిన్న ఓపీలో మీ వెనక ఇంకా చాలామంది కూర్చుని ఉన్నారు. అందుకే మీరు అడిగిన దానికి ముక్తసరిగా జవాబు చెప్పి పంపించాను. "మా అత్తయ్యకూ కీళ్ల నొప్పులే కదా డాక్టరుగారూ, ఆవిడ కాపడం పెట్టుకుని నొప్పి మాత్ర వేసుకుంటే సరిపోతోంది, నాకెందుకు ఇన్ని పరీక్షలు?" అన్నారు. న్యాయమైన ప్రశ్న. తీరిగ్గా రాస్తున్నాను. ఆవిడకు కూడా చదివి వినిపించండి.

ముందు మీ ఇంట్లో ఒక రోజు ఎలా గడుస్తుందో చూడండి. పొద్దున మీకు పిడికిలి బిగియదు. పాల ప్యాకెట్ కత్తిరించడానికి కత్తెర పట్టుబడదు. పదింటికి గానీ కుట్టుమిషను ముందు కూర్చోలేకపోతున్నానని మీరే చెప్పారు. కాస్త పని సాగాక వేళ్లు వదులవుతాయి. మీ అత్తగారిది దీనికి తలకిందులు. లేచిన పది నిమిషాల్లో ఆవిడ మోకాళ్లు సర్దుకుంటాయి. బజారుకు వెళ్లి, మెట్లెక్కి, సాయంత్రానికి సలుపు మొదలవుతుంది. కాసేపు మంచం మీద నడుం వాలిస్తే నెమ్మదిస్తుంది. విశ్రాంతితో తగ్గే నొప్పి ఆవిడది, విశ్రాంతి తర్వాత పెరిగే నొప్పి మీది. ఉదయం బిగుసుకుపోవడం గంటకు మించి ఉంటే మేం వెంటనే చెవులు రిక్కిస్తాం. మీకు గంటన్నర.

ఆవిడకు వచ్చింది ఆస్టియో ఆర్థరైటిస్, అంటే కీలు అరుగుదల. కీలులో రెండు ఎముకల కొసల మీద నున్నటి మృదులాస్థి ఉంటుంది. మన జనం "గుజ్జు అరిగింది" అనేది దీన్నే. ఏళ్ల తరబడి బరువు మోసి అది పల్చబడుతుంది, ఎముకల మధ్య సందు తగ్గుతుంది, అంచుల్లో ఎముక ముళ్లలా పెరుగుతుంది. వయసు, అధిక బరువు, పాత దెబ్బలు, వంశపారంపర్యం అన్నీ కలిసి ఇక్కడికి తెస్తాయి. అచ్చంగా అరుగుదలే అనుకోవడం కూడా పూర్తి నిజం కాదు. అరిగిన కీలు లోపల కొంత వాపు ఉంటుంది, శరీరం మరమ్మతుకు ప్రయత్నిస్తూనే ఉంటుంది. కానీ దాని నడక నెమ్మది. ఈ జబ్బు మోకాళ్లు, తుంటి, బొటనవేలి మొదలు, వేళ్ల చివరి కణుపుల దగ్గర ఎక్కువ. ఆవిడ వేళ్ల కొసల దగ్గర గట్టిగా, ఎముకలా తగిలే చిన్న బుడిపెలు చూశాను. అవీ ఈ కోవలోవే.

మీది రుమటాయిడ్ ఆర్థరైటిస్. వాడుకలో కీళ్లవాతం. మీ కీళ్లు అరగలేదు, వాటి మీద దాడి జరుగుతోంది. క్రిముల మీదికి వెళ్లాల్సిన రోగనిరోధక కణాలు మీ కీలు లోపలి పొరను పరాయిదిగా భావించి దాని మీద పడుతున్నాయి. కంచే చేను మేయడమంటే ఇదే. ఆ పొర ఉబ్బి, మందమై, నీరు ఊరి, చివరికి పక్కనున్న మృదులాస్థినీ ఎముకనూ కొరికేస్తుంది. మిషను కుట్టడం వల్ల వచ్చిందా అని అడిగారు. కాదు. పని వల్ల నొప్పి తెలిసి ఉండవచ్చు గానీ జబ్బు పని వల్ల రాలేదు. జన్యువుల పాత్ర కొంత ఉంది, పొగ తాగేవాళ్లకు ముప్పు ఎక్కువ, మగవాళ్లకంటే ఆడవాళ్లకు రెండు మూడు రెట్లు ఎక్కువగా వస్తుంది. ఫలానా వ్యక్తికే ఎందుకొచ్చిందో మాత్రం ఏ డాక్టరూ వేలు పెట్టి చూపలేడు.

నిన్న మీ రెండు అరచేతులనూ పక్కల నుంచి నొక్కినప్పుడు మీరు చెయ్యి వెనక్కి లాక్కున్నారు. వేళ్ల మొదటి కణుపులు రెండు చేతులకూ ఒకే తీరుగా ఉబ్బి ఉన్నాయి, తాకితే మెత్తగా, తడిపిన పిండిలా ఉన్నాయి. ఉంగరం తీసి మూడు నెలలైందన్నారు. చివరి కణుపులు మాత్రం శుభ్రంగా ఉన్నాయి. నాకు సగం సమాధానం అక్కడే దొరికింది. రక్తపరీక్షలు మిగతా సగం. ఈఎస్ఆర్, సీఆర్‌పీ పెరిగాయంటే లోపల మంట ఉందని అర్థం. యాంటీ సీసీపీ బాగా పెరిగి ఉండడం కీళ్లవాతాన్ని గట్టిగా సూచిస్తుంది. ఆర్ఏ ఫ్యాక్టర్ ఒక్కటే చూసి ఈ జబ్బు ఉందనీ లేదనీ తేల్చకూడదు. ఏ జబ్బూ లేని పెద్దవాళ్లలో కొందరికీ అది పాజిటివ్ వస్తుంది. మీ ఎక్స్‌రేలో ఎముక ఇంకా కోతపడలేదు. మంచి సమయానికి వచ్చారు.

అందుకే తొందరపడుతున్నాను. మొదలైన నెలల్లోనే దాడిని ఆపగలిగితే వేళ్లు వంకర పోకుండా చూడవచ్చు. ఒకసారి కోతపడిన ఎముకను మాత్ర తిరిగి కట్టలేదు. పైగా ఇది కీళ్లతో ఆగే జబ్బు కాదు. రక్తం తగ్గుతుంది, నీరసం పట్టుకుంటుంది, కొందరిలో కళ్లకూ ఊపిరితిత్తులకూ గుండెకూ ఇబ్బంది తెస్తుంది. నొప్పి మాత్ర నొప్పిని కప్పుతుంది, దాడి మాత్రం లోపల సాగుతూనే ఉంటుంది. నాలుగు నెలలుగా మీరు మీ అత్తగారి మాత్రలు వాడడంలో జరిగింది అదే.

మీకు రాసినది ఆ దాడిని అణిచే మందు, మెథోట్రెక్సేట్. దయచేసి ఈ మాట ఇంట్లో అందరికీ చెప్పండి: అది వారానికి ఒక్కసారే. ఆదివారం మాత్రమే. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. బుధవారం వేసుకోమన్న పసుపు మాత్ర ఫోలిక్ ఆమ్లం, మొదటిదాని దుష్ఫలితాలు తగ్గించడానికి. గుణం తెలియడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. అప్పటిదాకా ఆసరాగా కొద్ది మోతాదు స్టెరాయిడ్ ఇచ్చాను. చెప్పినట్లు తగ్గించుకుంటూ రండి, ఒక్కసారిగా మానేయకండి. జ్వరం, నోటి పుండ్లు, ఆగని పొడి దగ్గు, ఆయాసం వస్తే ఆ వారం మెథోట్రెక్సేట్ ఆపి నాకు ఫోను చేయండి. మీకు పిల్లల ఆపరేషన్ అయింది కాబట్టి ఇబ్బంది లేదు. గర్భం కావాలనుకునే ఆడవాళ్లు ఈ మందు తాకనేకూడదు, కాబట్టి "నాకు పనిచేసింది" అని మీ చెల్లెలికి ఇవ్వకండి.

పొడుల సంగతి కూడా. కీళ్లనొప్పులకు ఎవరో ఇచ్చే పేరులేని పొడులు మూడు రోజుల్లో అద్భుతంగా పనిచేశాయంటే వాటిలో స్టెరాయిడ్ కలిపారేమోనని నాకు అనుమానం వస్తుంది. మొహం గుండ్రంగా ఉబ్బి, షుగరు పెరిగి వచ్చినవాళ్లను చూశాను. వంకాయ, చింతపండు మానాలా అని అడిగారు. వాటివల్ల జబ్బు పెరుగుతుందనడానికి ఆధారం లేదు. తినండి.

మీ అత్తగారికి మీ మందు అక్కర్లేదు, ఇస్తే కీడే. ఆవిడకు కావలసింది తొడ కండరాలకు వ్యాయామం, కొంత బరువు తగ్గడం, కింద బాసింపట్టు వేసి కూర్చోవడం మానడం, కుర్చీలాంటి మరుగుదొడ్డి. నడక మానేయాలనుకుంటున్నారట, వద్దని చెప్పండి. అప్పటికీ రోజు గడవకపోతే ఆపరేషన్ సంగతి ఎముకల డాక్టరుతో మాట్లాడుదురుగాని. మీకు మాత్రం వాపు బాగా ఉన్న రోజుల్లో వేళ్లకు విశ్రాంతి, తగ్గిన రోజుల్లో పొద్దునే గోరువెచ్చని నీళ్లలో పిడికిలి బిగించి వదలడం.

నాలుగో వారం చివర రక్తపరీక్షకు రండి. రక్తకణాలు, లివరు, కిడ్నీ చూడాలి. ఇంట్లో క్యాలెండరులో ఆదివారాల చుట్టూ ఎర్ర పెన్నుతో గీతలు గీసి, మాత్ర వేసుకున్న వారం పక్కన టిక్కు పెట్టండి. ఆ కాగితం కూడా వెంట తీసుకురండి.