సబ్జెక్ట్: మీ బాచుపల్లి యూనిట్‌లో క్యూసీ స్టెబిలిటీ పోస్టు (జాబ్ ఐడీ QC-4471) – రిఫరల్ కోసం

మాధవి అక్కా, నమస్తే.

బాగున్నారా? బాబు ఒకటో తరగతిలో చేరిన ఫొటో స్టేటస్‌లో చూశాను. మీరు ల్యాబ్‌కి స్వీట్లు తెచ్చిన రోజు వాడు పుట్టి వారం కూడా కాలేదు. అప్పుడే ఇంతవాడయ్యాడా!

పని మీదే రాస్తున్నాను, అసలు విషయం ముందే చెప్పేస్తాను. మీ బాచుపల్లి యూనిట్‌లో స్టెబిలిటీ సెక్షన్‌కి సీనియర్ ఎగ్జిక్యూటివ్ పోస్టు పడింది. మీకు ఇబ్బంది లేకపోతే మీ ఎంప్లాయీ పోర్టల్ నుంచి నన్ను రిఫర్ చేస్తారా?

నేను ఇంకా కెరీర్స్ పేజీలో అప్లై చేయలేదు. చాలా కంపెనీల సిస్టమ్‌లో అభ్యర్థి ముందే నేరుగా అప్లై చేస్తే, తర్వాత వచ్చిన రిఫరల్ లెక్కలోకి రాదు. మీ దగ్గర పద్ధతి వేరేగా ఉంటే చెప్పండి, అలాగే చేస్తాను. పోస్టుకి ఆఖరు తేదీ ఈ నెల 18. 14వ తేదీ లోపు అవునో కాదో ఒక్క మెసేజ్ పెడితే చాలు. కుదరకపోతే నేనే నేరుగా వేసుకుంటాను.

పోస్టు వివరాలు, మీరు వెతుక్కోకుండా:

జాబ్ ఐడీ: QC-4471
పోస్టు: సీనియర్ ఎగ్జిక్యూటివ్, క్యూసీ – స్టెబిలిటీ, ఫార్ములేషన్స్
చోటు: బాచుపల్లి యూనిట్, రొటేషన్ షిఫ్టులు
అడిగిన అనుభవం: 5 నుంచి 8 ఏళ్లు, ఎమ్మెస్సీ లేదా బీఫార్మసీ
అడిగిన పని: హెచ్‌పీఎల్‌సీ, జీసీ, డిసొల్యూషన్, ఎంపవర్, ఓఓఎస్ ఇన్వెస్టిగేషన్, ఆడిట్ అనుభవం. ఎల్‌సీ-ఎంఎస్ తెలిసుంటే మంచిదన్నారు.

ఇందులో ఎల్‌సీ-ఎంఎస్ నేను చేయలేదు. మిగతావన్నీ రోజూ చేసే పనులే. ఇంటర్వ్యూలో అడిగితే చేయలేదనే చెబుతాను, మీరూ ఫారంలో అది కలపొద్దు.

నా గురించి క్లుప్తంగా:

ఆంధ్రా యూనివర్సిటీలో ఎమ్మెస్సీ అనలిటికల్ కెమిస్ట్రీ. 2019 ఆగస్టు నుంచి జడ్చర్ల ప్లాంటులోనే, మొత్తం ఓరల్ సాలిడ్స్ మీదే. మొదటి రెండేళ్లు ఫినిష్డ్ ప్రొడక్ట్, ఆ తర్వాత స్టెబిలిటీ. ఇప్పుడు చాంబర్ లోడింగ్, విత్‌డ్రాయల్ షెడ్యూల్, రిలేటెడ్ సబ్‌స్టెన్సెస్, అస్సే, డిసొల్యూషన్, డేటా రివ్యూ చూస్తున్నాను. నా కింద షిఫ్టుకి ముగ్గురు అనలిస్టులు. రెండు యూఎస్‌ఎఫ్‌డీఏ ఇన్‌స్పెక్షన్లలో స్టెబిలిటీ డెస్క్ దగ్గర ఉండి, అడిగిన రా డేటా, ఆడిట్ ట్రయల్ ఓపెన్ చేసి చూపించాను.

ఒక్క పని మాత్రం కాస్త వివరంగా చెప్పాలనిపిస్తోంది. అది మీరు వెళ్లాక జరిగింది. ఒక టాబ్లెట్‌లో 40 డిగ్రీలు, 75 శాతం తేమ దగ్గర మూడో నెల శాంపిల్‌లో ఒక ఇంప్యూరిటీ లిమిట్ దాటింది. మొదట అందరం డిగ్రడేషనే అనుకున్నాం. ఇద్దరు అనలిస్టుల క్రోమటోగ్రామ్‌లు పక్కపక్కన పెట్టి చూస్తే, ఒకరికి ఎక్కువ, ఇంకొకరికి లిమిట్ లోపే. ఇన్‌స్ట్రుమెంట్, కాలమ్, స్టాండర్డ్ అన్నీ సరిగ్గానే ఉన్నాయి. తేడా సోనికేటర్ దగ్గర ఉంది. వరసగా ఫ్లాస్కులు పెడుతూ పోతే బాత్‌లోని నీళ్లు వేడెక్కుతాయి. ఎంత టెంపరేచర్ ఉండాలో మెథడ్‌లో రాయలేదు. చల్లటి నీళ్లలో, వేడెక్కిన నీళ్లలో విడివిడిగా ప్రిపరేషన్ చేసి హైపాథసిస్ స్టడీలో చూపిస్తే, వేడి పెరిగేకొద్దీ అదే పీక్ పెరిగింది. చేంజ్ కంట్రోల్ వేసి మెథడ్‌లో టెంపరేచర్ రాయించాం. తర్వాత టైమ్ పాయింట్లలో ఆ గొడవ మళ్లీ రాలేదు. ఇన్వెస్టిగేషన్ రిపోర్టు నేనే రాశాను. ఇది కంపెనీ విషయం కాబట్టి ప్రొడక్ట్ పేరు, నంబర్లు రెజ్యూమేలో ఎక్కడా పెట్టలేదు.

మీ పోర్టల్ ఫారంలో 'ఎలా తెలుసు, ఎందుకు సరిపోతారు' అని అడుగుతారు కదా. మీరు కళ్లారా చూసిందే రాయండి. 2021 చివరి దాకా మనం ఒకే షిఫ్టులో ఉన్నాం. ఇంటిగ్రేషన్ మాన్యువల్‌గా చేస్తే కారణం అక్కడే రాయాలని పట్టుబట్టి నేర్పింది మీరే. నోట్‌బుక్‌లో ఏ ఎంట్రీ వెనక్కి వెళ్లి రాయలేదన్న సంగతీ మీకు తెలుసు. సోనికేటర్ కథ మాత్రం మీరు చూడలేదు, కాబట్టి దాన్ని రెజ్యూమేకే వదిలేయండి. పనికొస్తుందనుకుంటే ఈ మాటలు ఉన్నవి ఉన్నట్టుగానో, మార్చుకునో వాడుకోండి:

"సాయికిరణ్‌తో 2019 నుంచి 2021 వరకు ఒకే క్యూసీ ల్యాబ్‌లో పనిచేశాను. నేను రివ్యూ చేసిన అతని హెచ్‌పీఎల్‌సీ, డిసొల్యూషన్ డేటా శుభ్రంగా ఉండేది. తప్పు వస్తే దాచకుండా వెంటనే చెప్పే మనిషి. ఆ తర్వాత స్టెబిలిటీకి మారి ఇప్పటికీ అక్కడే ఉన్నాడు. ఈ పోస్టుకి ఇంటర్వ్యూకి పిలవదగ్గ అభ్యర్థి అని నా అభిప్రాయం."

ఇదే ఇంగ్లీషులో కాపీ పేస్ట్‌కి వీలుగా `Referral_Note.docx` అని జత చేశాను. రెజ్యూమే `Saikiran_QC_Stability.pdf`, రెండు పేజీలే. ఫారంలో పెట్టాల్సిన ఈమెయిల్, ఫోన్ నంబర్ అందులో పైనే ఉన్నాయి. నోటీస్ పీరియడ్ 60 రోజులు, బయౌట్ అవకాశం ఉంది. ఇప్పటి సీటీసీ 6.2 లక్షలు, ఆశిస్తున్నది 8. హెచ్‌ఆర్ అడిగితే ఇదే చెప్పండి, దాచేదేమీ లేదు.

ఎందుకు మారుతున్నావని ఎవరైనా అడగొచ్చు. ఇక్కడి స్టెబిలిటీ పనిలో ఎక్కువ భాగం బయటి ల్యాబ్‌కి వెళ్లిపోతోంది, నన్ను రా మెటీరియల్‌కి మారుస్తామన్నారు. స్టెబిలిటీ వదలడం నాకిష్టం లేదు. ఇల్లేమో నిజాంపేటలో, నేనేమో జడ్చర్లలో రూములో. ఆదివారం వస్తే ఏదో ఒక వాక్-ఇన్‌కి ఫైల్ పట్టుకుని క్యూలో నిలబడటం కన్నా, నా పని చూసినవాళ్లను ఒక మాట అడగడం నయమనిపించింది.

సెలక్షన్ విషయంలో మీరు ఎవరికీ చెప్పనక్కర్లేదు. రెజ్యూమే హైరింగ్ మేనేజర్ దాకా వెళ్తే చాలు, ఆపైన నా తిప్పలు నేను పడతాను. రిఫర్ చేయడానికి మీకు మనసొప్పకపోయినా, ఈ మధ్యే ఇంకెవరినైనా రిఫర్ చేసి ఉన్నా మొహమాటపడకుండా చెప్పేయండి. ఒక్కటి మాత్రం కుదిరితే చెప్పండి: అక్కడి స్టెబిలిటీ సెక్షన్‌లో నైట్ షిఫ్టులు నెలకి ఎన్ని వారాలు పడుతున్నాయి? అమ్మకి డయాలసిస్ మంగళ, శుక్రవారాలు. దాన్ని బట్టి ఇంట్లో మాట్లాడుకోవాలి.

ఫోన్ చేయాలంటే సాయంత్రం ఏడు తర్వాత ఎప్పుడైనా ఎత్తుతాను. ఈ వారం జనరల్ షిఫ్టే, నంబర్ పాతదే.

బావగారికి నమస్కారాలు చెప్పండి.

ఉంటాను,
సాయికిరణ్