నలభై ఒక్క సెకన్లు

పాత గడియారాలు బాగుచేసే ముసలాయన మీద తీసిన పన్నెండు నిమిషాల వీడియోలో, దాన్ని ఎడిట్ చేసిన ఆమెకు అన్నిటికన్నా ఇష్టమైనది, ఆయన గడియారాన్ని చెవికి ఆనించుకుని, అది మళ్లీ కొట్టుకుంటుందా లేదా అని నలభై ఒక్క సెకన్లు మౌనంగా ఎదురుచూసే దృశ్యం. ఆ మౌనాన్ని కూర్చడానికి ఆమె మూడు రాత్రులు ఖర్చుపెట్టింది.

విడుదలైన వారానికి దర్శకుడు, ఏ క్షణం దాకా ఎంత మంది చూశారో చూపే రిటెన్షన్ గ్రాఫ్ ముందుపెట్టాడు. 6:12 దాకా మెల్లగా వాలుతూ వచ్చిన గీత అక్కడ 58 శాతం నుంచి 31కి పడిపోయింది.

"ఆ మౌనం తీసేద్దామండీ," అన్నాడాయన, కాస్త మొహమాటంగానే.

ఆమె ఒప్పుకోలేదు. గ్రాఫ్‌ను పెద్దది చేసి చూస్తే, గీత విరిగింది మౌనంలో కాదు, దానికి నాలుగు సెకన్ల ముందు, "ఇక పని పూర్తయింది" అన్న వ్యాఖ్యానం ముగిసి సంగీతం సన్నగిల్లిన చోట అని తేలింది. వీడియో అయిపోయిందనుకుని జనం వెళ్లిపోయారు. మిగిలినవారి గీత నిలకడగా సాగి, టిక్కుమన్న క్షణంలో కొంచెం పైకి లేచింది. కొందరు వెనక్కి జరిపి మళ్లీ విన్నారన్నమాట.

ఎక్కించిన వీడియోలో కొత్త దృశ్యం చేర్చే వీలు లేదు, కత్తిరించే వీలు ఉంది. ఆ ఒక్క వాక్యాన్ని కత్తిరించి, ఆ రాత్రి మామూలు ప్రేక్షకురాలిలా ఫోన్‌లో చూసింది. ఇరవయ్యో సెకనుకు ఆమె బొటనవేలు తెలియకుండానే తెర మీదికి వెళ్లింది.