ఐదో తారీఖు కోత

విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గరి స్కూటర్ల షోరూములో ఫైనాన్సు కుర్రవాడు హారిక బ్యాంకు స్టేట్‌మెంటును బల్ల మీద పరచుకుని, పెన్సిలుతో వరుస వరుసకూ చుక్క పెట్టుకుంటూ వచ్చి, నాలుగో పేజీ దగ్గర ఆగాడు.

“ఇది ఏ ఈఎంఐ అండీ? దరఖాస్తులో మీరు రాయలేదు.”

“ఈఎంఐ ఏమీ లేదండీ. అది ఫోన్ రీచార్జి అయి ఉంటుంది.”

“రీచార్జి ఇదిగో, ఇక్కడ వేరేగా ఉంది. ఇది ప్రతి నెలా ఐదో తారీఖున, మూడు వందల తొంభై తొమ్మిది రూపాయలు. వెనక పేజీల్లో కూడా ఉంది, చూసుకోండి.”

హారిక గంటస్తంభం దగ్గర ఒక రక్తపరీక్షల ల్యాబులో క్యాషు కౌంటరు చూస్తుంది. సాయంత్రం లెక్క ఇరవై రూపాయలు తేడా వస్తే, ఆ ఇరవై ఎక్కడ జారిందో తేలేవరకు ఇంటికి కదలని మనిషి. అలాంటి మనిషి ఖాతాలోంచి నెలనెలా డబ్బు పోతున్న సంగతి ఆ ఖాతాతో ఏ సంబంధమూ లేని కుర్రవాడు పట్టుకోవడం ఆమెకు చాలా నామోషీగా అనిపించింది. స్కూటరు రంగు ఎంచుకోకుండానే బయటకు వచ్చేసింది.

ఆ రాత్రి ఫోనులో పాత స్టేట్‌మెంట్లన్నీ తెరిచి చూస్తే, ఐదో తారీఖు కోతలు ఇరవై ఆరు తేలాయి. మొత్తం పది వేల మూడు వందల డెబ్బై నాలుగు రూపాయలు. డబ్బు తీసుకున్నది జర్మన్ భాష నేర్పే ఒక యాప్. ఆ పేరు చూడగానే ఆమెకు మౌనిక గుర్తుకు వచ్చింది.

తోటపాలెంలో ఇద్దరూ రెండు గదుల వాటా ఒకటి అద్దెకు తీసుకుని ఉన్న రోజులవి. మౌనికది గజపతినగరం వైపు పల్లె. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. జర్మనీలో నర్సులకు కొరత ఉందని, అక్కడ నర్సుగా గుర్తింపు పొందాలంటే సాధారణంగా బీ2 స్థాయి వరకు భాష రావాలని ఎవరో చెప్పగా విని, నైట్ డ్యూటీ చేసి వచ్చిన కళ్లతోనే పొద్దున్నే పుస్తకం ముందు కూర్చునేది. ఆ భాషలో బల్లకూ కుర్చీకీ కూడా లింగభేదం ఉంటుందని హారికకు మొదట చెప్పింది ఆమే. కూర తరుగుతూ, కత్తి ఏ లింగమో గరిటె ఏ లింగమో పైకి వల్లించుకునేది. తన కార్డును ఆ యాప్ తీసుకోవడం లేదని ఒక రాత్రి హారికను అడిగింది. “ఈ ఒక్క నెలకే నీ కార్డు ఇవ్వవే. వచ్చే నెల నాది మార్చేస్తాను.” అప్పుడే మూడు వందల తొంభై తొమ్మిది రూపాయలూ నోట్లు, చిల్లరతో సహా లెక్కపెట్టి చేతిలో పెట్టింది. ఆ మొదటి నెల పోను మిగిలినవే ఈ ఇరవై ఆరు. వచ్చిన ఓటీపీని హారిక తానే చదివి చెప్పింది. ఆ తరువాత కొద్ది రోజులకే మౌనికకు సంబంధం కుదరడం, పెళ్లి కావడం, నరసన్నపేట వెళ్లిపోవడం వరుసగా జరిగిపోయాయి.

మరునాడు హారిక బ్యాంకుకు వెళ్లింది. మోసం జరిగిందని ఫిర్యాదు రాయడానికి కాగితం కూడా పట్టుకువెళ్లింది. కౌంటరులోని మేడమ్ ఆ కాగితం పక్కన పెట్టి, కంప్యూటరు వైపు చూస్తూ చెప్పింది.

“ఇది మోసం కాదమ్మా, ఆటోపే. రిజర్వు బ్యాంకు నిబంధన 2021 అక్టోబరు నుంచి అమలులో ఉంది. మొదటిసారి మీరు ఓటీపీ ఇచ్చి ఒప్పుకుంటే చాలు, పదిహేను వేల లోపు మొత్తానికి మళ్లీ నెలనెలా ఓటీపీ అడగరు. కానీ డబ్బు తీసే ముందు కనీసం ఇరవై నాలుగు గంటలు ఉందనగా మీకు తెలియజేయాలి. మీరు మెయిల్‌కి పంపమన్నారు, మెయిల్‌కే వెళ్తోంది.”

“నాకు రాలేదండీ.”

“ఒకసారి చూసుకోండి.”

కాలేజీ రోజుల్లో తెరిచిన ఆ మెయిల్‌ను హారిక ఉద్యోగ దరఖాస్తులకు తప్ప వాడదు. చీరల తగ్గింపు ధరల కింద, బీమా ప్రకటనల కింద, ప్రతి నెలా నాలుగో తారీఖున బ్యాంకు పంపిన ఉత్తరం బుద్ధిగా పడి ఉంది. ఎంత సొమ్ము, ఏ రోజు, ఎవరికి, వద్దనుకుంటే ఏం చేయాలి — అన్నీ అందులోనే ఉన్నాయి. ఎవరి మీద కోపగించుకోవాలో తెలియక ఆమె మెయిల్ మూసేసింది.

“బ్యాంకు యాప్‌లోకి వెళ్లి మీరే రద్దు చేసుకోవచ్చు. దానికి మేము రుసుము తీసుకోం. పోయిన డబ్బు మాత్రం ఆ కంపెనీనో, మీ స్నేహితురాలినో అడగవలసిందే,” అని మేడమ్ తరువాతి టోకెను పిలిచింది.

కంపెనీకి రాస్తే, పాఠాలు వాడుతున్న ఖాతాకు డబ్బు తిరిగి ఇవ్వడం కుదరదని రెండు రోజుల్లో జవాబు వచ్చింది. వాడుతున్న అన్న మాట దగ్గర హారిక ఆగింది. అంతవరకు అది ఎవరూ ముట్టని పాత పద్దు అనుకుంది.

చిన్న మొత్తాలు అడిగినంత సులువుగా పెద్ద మొత్తాలు అడగలేం. తోటపాలెం వాటాలో వంటగది గోడకు ఒక పుస్తకం మేకుకు వేలాడుతూ ఉండేది. గ్యాసు బండ, పాల ప్యాకెట్లు, చివరికి ఏడు రూపాయల కొత్తిమీర కట్ట కూడా అందులో ఎక్కేవి. నెలాఖరున ఇద్దరూ తగవులాడుకుంటూనే లెక్క తేల్చుకునేవారు, ఆ తగవులో ఎవరికీ మనసు నొచ్చుకునేది కాదు. ఇప్పుడు పది వేలు అడగడానికి హారిక వాట్సాప్‌లో రాసిన మొదటి సందేశం మరీ మెత్తగా ఉంది, రెండోది పోలీసు నోటీసులా ఉంది. రెండూ చెరిపేసి ఫోను చేసింది.

ఎత్తింది అత్తగారు. “నర్సుగుంట సావాసగత్తెవా? ఏటి పని?” అని అడిగి, పని చెప్పకపోయినా ఫోను కోడలికి ఇచ్చింది. మౌనిక ఎదురుగా ఎవరో కూర్చుని ఉన్నట్టు, “బాగున్నానండీ, తరువాత మాట్లాడతాను,” అంది. హారికను ఆమె ఎన్నడూ అండీ అనలేదు.

రాత్రి పదకొండు దాటాక వేరే నంబరు నుంచి ఫోను వచ్చింది. వెనక ఆసుపత్రి చప్పుళ్లు వినిపించాయి.

“డ్యూటీలో ఉన్నానే. చెప్పు.”

హారిక చెప్పింది. తారీఖు, మొత్తం, కోతలు ఎన్నో, బ్యాంకు మేడమ్ మాట, కంపెనీ జవాబు అన్నీ ల్యాబులో లెక్క అప్పగించినట్టు చెప్పింది. అవతల చాలాసేపు మాట లేదు.

“నేను అది ఫ్రీ అయిపోయిందేమో అనుకున్నాను,” అని మొదలుపెట్టి, మౌనిక మధ్యలోనే ఆపేసింది. “కాదు. అబద్ధం. నాకు తెలుసు.”

“తెలుసా?”

“మూడో నెలలో తెలిసింది. ప్రతి నెలా ఆరో తారీఖున యాప్ తెరిచి చూసేదాన్ని. తెరుచుకుంటే నువ్వు ఇంకా చూసుకోలేదని అర్థం. తెరుచుకోని రోజున నీకు ఫోను చేసి కాళ్లావేళ్లా పడదామనుకునేదాన్ని.”

“నాకు అప్పుడే చెప్పచ్చుగా?”

“చెబితే ఆపేస్తావుగా.”

హారికకు కోపం వచ్చింది, న్యాయంగానే వచ్చింది. పది వేలకంటే, నెలనెలా ఆరో తారీఖున తనను ఒకరు పరీక్షించి చూశారన్న సంగతే ఎక్కువ మండించింది. నీకు జీతం లేదా, కార్డు లేదా అని నిలదీసింది. మౌనిక సంజాయిషీ చెప్పుకోలేదు. ఉన్న సంగతి చెప్పింది. జీతం పడుతుంది. ఖాతా తన పేరుతోనే ఉంది. కానీ పెళ్లయ్యాక ఆ ఖాతాకు భర్త ఫోను నంబరు కలిపారు. రూపాయి కదిలినా ఆయనకు మెసేజి వెళ్తుంది, ఓటీపీ కూడా ఆయన ఫోనుకే వస్తుంది. ఇల్లు కడుతున్నారు, స్లాబు వేయాలి. పెళ్లయిన ఆడపిల్ల జర్మనీ ఊసెత్తితే ఆ ఇంట్లో వినేవారు లేరు. నైట్ డ్యూటీలో, వార్డు సద్దుమణిగాక, రెండేసి పాఠాలు చదువుతోంది. బీ2కి ముందు మెట్టయిన బీ1 సగం అయింది.

“రాసి పెట్టుకున్నానే,” అంది చివరగా. “జర్మన్ నోట్సు చివరి పేజీలో. ఇరవై ఆరు వరుసలు. నేను కూడా కూడి చూశాను, నువ్వు చెప్పినంతే.”

“రాసుకుంటే తీర్చినట్టా?”

“కాదు.”

“నేను ఇప్పుడు రద్దు చేసేస్తున్నాను.”

“చెయ్యి,” అంది మౌనిక. బతిమాలలేదు. బతిమాలి ఉంటే హారిక చేసి ఉండేది కాదేమో. కానీ ఆమె బ్యాంకు యాప్ తెరిచి, ఆటోపేల జాబితాలోంచి ఆ పేరు తీసేసి, తీసేశానని చెప్పి ఫోను పెట్టేసింది.

తరువాతి నెలలో ఒక మధ్యాహ్నం మౌనిక తల్లి ల్యాబుకు వచ్చింది. పైడితల్లి అమ్మవారి గుడికి వచ్చి, అటునుంచి అటే వచ్చానంది. జాకెట్టులోంచి చిన్న గుడ్డమూట తీసి, చెమటకు తడిసిన ఆరు ఐదువందల నోట్లు కౌంటరు మీద ఒక్కొక్కటే పరిచింది.

“మా గుంట ఇమ్మంది. మిగతావి ఇస్తాదంట. ఏటో అప్పు సేసిందంట కదా, పాపా. దేనికి?”

“చదువుకి, పిన్నీ,” అంది హారిక.

“పెళ్లయ్యాక ఇంకేటి సదువు,” అని ఆవిడ నవ్వుతూనే నొచ్చుకుంది. హారిక నోట్లు లెక్కపెట్టి, ఒక కాగితం మీద మూడు వేలు ముట్టినట్టు రాసి సంతకం చేసి ఇచ్చింది. చదవడం రాకపోయినా ఆవిడ ఆ కాగితాన్ని అదే గుడ్డలో కట్టుకుని వెళ్లింది.

స్కూటరు వచ్చి కొన్నాళ్లయ్యాక, మళ్లీ ఒక రాత్రి ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. ఈసారి నంబరు మౌనిక పేరు మీద తీసుకున్న కొత్త సిమ్ముది. ఆసుపత్రి పక్క బ్యాంకులో ఇంకో ఖాతా తెరిచానని, ఓవర్‌టైము డబ్బులు అందులో వేయమని సూపరింటెండెంటును అడిగి ఒప్పించానని, కార్డు కూడా చేతికి వచ్చిందని గబగబా చెప్పింది.

“యాప్‌లో కార్డు పెడుతున్నాను. ఆటోపేకి ఏదో ఈ-మాండేట్ ఒప్పుకోమంటోంది. నొక్కనా?”

“ముందు మొత్తం ఎంత, గడువు ఎప్పటివరకు అని చూడు. సమాచారం మెయిల్‌కి కాదు, ఫోనుకు పంపమని పెట్టు.”

“పెట్టాను. ఆగు, ఓటీపీ వచ్చింది. నాలుగు, తొమ్మిది...”

“నాకు చెప్పకే! ఎవరికీ చెప్పకూడదు. నువ్వే కొట్టు.”

అవతల మీటలు నొక్కిన చప్పుడు వినిపించింది.

“తీసుకుందే,” అంది మౌనిక.

“మంచిది. నాకు ఇంకా ఏడు వేల మూడు వందల డెబ్బై నాలుగు రావాలి.”

“తెలుసు. ఒకటో తారీఖున ఐదు వందలు వేస్తాను.”

“వెయ్యి వెయ్యి,” అంది హారిక. ఒక నిమిషం బేరమాడుకుని, ఏడు వందల దగ్గర ఒప్పుకున్నారు.