చర్చి హాలు క్రిస్మస్ అలంకరణ: వాలంటీర్లకు పని ప్లాన్

అన్నలకు, అక్కలకు, యూత్ పిల్లలకు ప్రభువు నామంలో వందనాలు.

ఈసారి అలంకరణకు అందిన డబ్బు తక్కువ. దాన్ని హాలంతా పరిస్తే ఎక్కడా ఏమీ కనిపించదు. అందుకే ఫాదర్ గారితో మాట్లాడి ఖర్చంతా స్టార్‌కి, క్రిబ్‌కే అనుకున్నాం. డబ్బును పది పాళ్లు చేస్తే నాలుగు స్టార్‌కి, నాలుగు క్రిబ్‌కి, ఒకటి తాళ్లు, టేపు, జిగురుకి. మిగిలిన పాలు చివరిదాకా ముట్టుకోవద్దు. ఆఖరి నిమిషంలో బల్బు పోయినా, వైరు పాడైనా అదే ఆదుకుంటుంది. గోడలకు కొత్తగా ఏమీ కొనం, పోయినేడాది తోరణాల్లో బాగున్నవి ఏరి కడదాం.

స్టార్ (15 నుంచి 18వ తేదీ వరకు, యూత్)
నాలుగడుగుల వెదురు బద్దలు పది కావాలి. ఐదేసి బద్దలతో రెండు నక్షత్రాలు కట్టి, ఒకదాని మీద ఒకటి పెట్టి కొనలు కలిపి బిగించండి. లోపల బద్దలు ఒకదాన్నొకటి దాటే ఐదు చోట్లా అడుగు పొడవు పుల్లలు అడ్డం పెడితే మధ్యలో ఉబ్బుగా నిలబడుతుంది. తెల్ల కాగితం చాలు, వెలుగు బాగా వస్తుంది. లోపల ఎల్ఈడీ బల్బే పెట్టాలి, మామూలు బల్బు వేడికి కాగితం అంటుకోవచ్చు. బల్బు మార్చడానికి వెనక ఒక పక్క అతికించకుండా వదలండి. వేలాడదీసేటప్పుడు బరువు తాడు మీదే ఉండాలి, వైరు మీద పడకూడదు. నిచ్చెన ఎక్కేవాళ్లు పెద్దవాళ్లే, కింద ఒకరు పట్టుకుని తీరాలి.

క్రిబ్ మూల (20 నుంచి 23 వరకు, అక్కలు, సండే స్కూల్ పిల్లలు)
వేదికకు ఎడమవైపు మూల. అట్టపెట్టెలతో పాక గోడలు, గోనె సంచులతో కొండ, పైన ఎండుగడ్డి. పాత బొమ్మలకు రంగు వేస్తే సరిపోతుంది. విరిగిన గొర్రెపిల్లను కూడా పారేయకండి, గడ్డిలో పడుకోబెడితే కాళ్లు కనిపించవు. తళుకు కాగితాలు మాత్రం వద్దు. సత్రంలో చోటు దొరక్క పశువుల తొట్టిలో పడుకోబెట్టిన బిడ్డ కథ ఇది, పాక పేదగానే ఉండాలి. 1223లో ఇటలీలోని గ్రెచ్చో ఊళ్లో అస్సీసీ ఫ్రాన్సిస్ గారు క్రిబ్ ఏర్పాటు చేసినప్పుడు కూడా గడ్డి, ఎద్దు, గాడిదే. చిన్నపిల్లలు కూడా చూసేలా బల్ల ఎత్తు తగ్గించండి. గడ్డి దగ్గర కొవ్వొత్తి ఒక్కటి కూడా వెలిగించవద్దు.

తొట్టి 24 రాత్రి పూజ దాకా ఖాళీగా ఉంటుంది, బాలయేసును ఫాదర్ గారే పెడతారు. జ్ఞానుల బొమ్మలను ముందు కిటికీ దగ్గర ఉంచి, రోజూ కొంచెం జరుపుతూ జనవరి 6కి పాక దగ్గరికి చేర్చే పని పిల్లలది.

ఇంట్లో వాడని సీరియల్ లైట్లు, తెల్ల దుప్పట్లు ఉంటే మీ పేరు రాసి 19లోగా ఇవ్వండి. లైట్లన్నీ 23 సాయంత్రం రెండు గంటలు వెలిగించి చూద్దాం. విప్పే పని జనవరి 7న. స్టార్ బద్దలు విరగ్గొట్టకుండా కట్టగా కట్టి స్టోర్ రూములో పెట్టండి.