తాతయ్య జ్ఞాపకాల పెట్టె: అమ్మా, పాపా కలిసి చేయడానికి

తాతయ్య చనిపోయాక, ఆయన్ని గుర్తు చేసుకోవడానికి పాపతో కలిసి చేసే పెట్టె ఇది. ఖాళీ చెప్పుల డబ్బా ఒకటి తీసుకోండి. మూత మీద బొమ్మలు పాపే వేయాలి, లోపల ఏం పెట్టాలో కూడా పాపే చెప్పాలి. తాతయ్య కళ్లజోడు, పాపా ఆయనా తిరునాళ్లలో దిగిన ఫొటో, ఆయన కండువా. కండువా ఉతక్కండి, ఆయన వాసన అందులోనే ఉంది. ఒక్కోటి పెడుతుంటే "ఇది చూస్తే ఏం గుర్తొస్తోంది?" అని అడిగి, పాప మాటల్లోనే చీటీ రాయండి.

"తాతయ్య ఎప్పుడొస్తాడు?" అంటే "నిద్రపోయారు", "ఊరెళ్లారు" అనొద్దు. "తాతయ్య చనిపోయారమ్మా. ఆయన ఒళ్లు పనిచేయడం ఆగిపోయింది. ఇక రారు. నాకూ ఏడుపొస్తోంది" అనండి. మధ్యలో ఆటకు పరుగెత్తితే వెళ్లనివ్వండి. ఆరేళ్ల పిల్లల దుఃఖం అలాగే వచ్చి పోతూ ఉంటుంది.

పెట్టె పాపకు అందే అరలో ఉంచండి. తనను అడగకుండా ఎవరూ తెరవొద్దు.